సెటిల్‌మెంట్ నోటీసు వచ్చిందా? ఈ నాలుగు లైన్లు వెతకండి

2023 వేసవిలో మా మద్నూర్ వాట్సాప్ గ్రూపులో ఒక లింకు తెగ తిరిగింది. "ఫేస్‌బుక్ వాడినోళ్లకు పైసలిస్తున్నరట, జల్ది అప్లై చేయుండ్రి" అని కింద రాసి ఉంది. అది అబద్ధం కాదు. మెటా కంపెనీ నిజంగానే 72.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కానీ ఆ లింకు చూసి ఫోన్ చేతిలోకి తీసుకున్న మా ఊరివాళ్లలో ఎక్కువమందికి అందులో ఒక్క పైసా కూడా రాదు. వచ్చే అవకాశం ఉన్న మనవాళ్లేమో డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. వాళ్లలో చాలామంది "ఏదో స్పామ్ అనుకుంటా" అని అసలు మెయిలే తెరవలేదు.

రెండు పొరపాట్లకూ కారణం ఒకటే, నోటీసు ఎవరూ చదవకపోవడం. అది పేజీలకు పేజీలు ఉండే లాయర్ల ఇంగ్లిష్. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికే రెండో పేజీలో కళ్లు మూసుకుపోతాయి. అయితే అందులో మనకు కావాల్సినవి నాలుగే: నేను అర్హుడినా, ఎంత వస్తుంది, క్లెయిమ్‌కి చివరి తేదీ ఎప్పుడు, ఇందులోంచి బయటికి రావాలంటే ఎప్పటిలోగా రావాలి. అమెరికా ఫెడరల్ కోర్టుల నియమం ప్రకారం ఇలాంటి నోటీసులో ఎవరు సభ్యులో, బయటికి ఎలా, ఎప్పటిలోగా రావాలో తేలికైన భాషలో చెప్పి తీరాలి. అంటే సమాచారం లోపలే ఉంది. మనం దాన్ని బయటికి తీయాలి, అంతే. ఆ ఫేస్‌బుక్ నోటీసునే తీసుకుని చేసి చూద్దాం.

మొదటి లైను: నేను లెక్కలోకి వస్తానా?

కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ గుర్తుందా? కోట్లమంది ఫేస్‌బుక్ యూజర్ల డేటా వాళ్లకు తెలియకుండా బయటివాళ్ల చేతికి వెళ్లిందని 2018లో బయటపడింది. దానిమీద పడిన కేసులన్నీ కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ కోర్టులో ఒక్కటయ్యాయి. ఇలా ఒకరిద్దరు కేసు వేసి, నష్టపోయిన అందరి తరఫునా పోరాడటాన్నే క్లాస్ యాక్షన్ అంటారు. గెలిచినా, రాజీ పడినా అది అందరికీ వర్తిస్తుంది.

ఆ 'అందరూ' ఎవరన్నది నోటీసులో ఒకే వాక్యంలో ఉంటుంది. ఇక్కడ ఆ వాక్యం చెప్పేది ఇది: 2007 మే 24 నుంచి 2022 డిసెంబర్ 22 మధ్య అమెరికాలో ఉండి ఫేస్‌బుక్ వాడినవాళ్లు. ఇందులో మూడు షరతులున్నాయి. ఫేస్‌బుక్ వాడాలి, ఆ తేదీల మధ్య వాడాలి, అమెరికాలో ఉండి వాడాలి. మద్నూర్‌లో కూర్చుని పదేళ్లు ఫేస్‌బుక్ వాడినా మూడో షరతు దగ్గరే ఆగిపోతాం. అదే ఎంఎస్ కోసం వెళ్లి 2019లో తిరిగొచ్చినవాడైతే, ఇప్పుడు ఇక్కడే ఉంటున్నా, అర్హుడే. పాస్‌పోర్టు ఏ దేశానిదన్న ప్రశ్నే ఇక్కడ లేదు.

ఈ ఒక్క వాక్యం ఎంత కీలకమో సత్యం కంప్యూటర్స్ షేర్లు కొన్నవాళ్లను అడగండి. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది, షేరు కుప్పకూలింది. అమెరికాలో పడిన క్లాస్ యాక్షన్‌లో 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ పేపర్ వార్త చూసి ఇక్కడివాళ్లు ఆశపడ్డారు. కానీ ఆ డబ్బు ప్రధానంగా న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సత్యం సెక్యూరిటీలు కొన్నవాళ్లది. హైదరాబాద్‌లో ఉంటూ బీఎస్‌ఈలోనో ఎన్‌ఎస్‌ఈలోనో కొన్న మామూలు మనిషికి అందులో వాటా లేదు. కంపెనీ ఒకటే, మోసం ఒకటే, మునిగిన తీరూ ఒకటే. ఎక్కడ కొన్నారన్నదే తేడా.

రెండో లైను: నా చేతికి ఎంత?

హెడ్‌లైన్‌లో 72.5 కోట్ల డాలర్లని ఉంటుంది. ఆ అంకె పక్కన పెట్టేయండి. అందులోంచి ముందుగా లాయర్ల ఫీజు పోతుంది. ఈ కేసులో కోర్టు నాలుగో వంతు, అంటే 18 కోట్ల 12.5 లక్షల డాలర్లు ఇచ్చింది. నోటీసులు పంపడం, క్లెయిములు తనిఖీ చేయడం లాంటి ఖర్చులు కూడా పోయాక మిగిలిందే పంచుతారు. అది సుమారు 54 కోట్ల డాలర్లు అనుకోండి.

ఇక పంచే సూత్రం. పీడీఎఫ్‌లో `Plan of Allocation` అని వెతికితే దొరుకుతుంది. ఫేస్‌బుక్ నోటీసులో అది చాలా సింపుల్. ఆ గడువులో మీ అకౌంట్ యాక్టివ్‌గా ఉన్న ప్రతి నెలకూ ఒక పాయింటు.

```
మీ వాటా = మీ పాయింట్లు × (పంచే మొత్తం ÷ అందరి పాయింట్లు)
```

ఇందులో 'అందరి' అంటే క్లెయిమ్ పెట్టి, తనిఖీలో నిలిచిన అందరూ అని. అర్హులంతా కాదు. అసలు కిటుకు ఇక్కడుంది. అర్హులు 25 నుంచి 28 కోట్లమంది ఉంటారని కోర్టు కాగితాల్లో అంచనా వేశారు. అందరూ క్లెయిమ్ పెట్టి ఉంటే తలా రెండు డాలర్లు వచ్చేవి. కానీ పెట్టినవి దాదాపు 2.8 కోట్లే. అందులోనూ డూప్లికేట్లు, దొంగవి తీసేశారు. అందుకే సగటు వాటా 29 డాలర్ల వరకూ వెళ్లింది. మొదటి నెల నుంచి చివరి నెల దాకా అకౌంట్ ఉన్నవాళ్లకు 188 పాయింట్లు, సుమారు 38 డాలర్లు. అంటే పాయింటు విలువ 20 సెంట్ల పైచిలుకు.

ఒక లెక్క వేద్దాం. మద్నూర్ కుర్రాడొకడు ఎంఎస్‌కి వెళ్లి, 2015 ఆగస్టులో అక్కడే మొదటిసారి ఫేస్‌బుక్ తెరిచాడని, చివరి దాకా అక్కడే ఉన్నాడని అనుకుందాం. 2015లో 5 నెలలు, తర్వాత ఏడేళ్లకు 84, మొత్తం 89 పాయింట్లు. చేతికి వచ్చేది 18 డాలర్ల చిల్లర.

అయితే క్లెయిమ్ పెట్టే రోజున ఈ 18 ఎవరికీ తెలియదు. ఎంతమంది పెడతారో తేలాకే పాయింటు విలువ తేలుతుంది. కాబట్టి గడువు ముగియకముందే "మీకు ఇన్ని డాలర్లు వస్తాయి" అని కచ్చితంగా చెప్పే మెసేజ్ వస్తే, అది నోటీసు చూడకుండా రాసిందే.

మూడో లైను: క్లెయిమ్ గడువు

2023 ఆగస్టు 25, పసిఫిక్ టైమ్ రాత్రి 11:59. అంటే మనకు ఆగస్టు 26 మధ్యాహ్నం 12:29. టైమ్ జోన్ రాయకుండా తేదీ మాత్రం రాస్తే, తిరిగొచ్చి ఇక్కడ ఉంటున్నవాళ్లు ఒక పూట పోగొట్టుకుంటారు. పోస్టులో పంపితే మాత్రం కవరు మీద ముద్ర పడిన తేదీని చూస్తారా, కవరు వాళ్లకు చేరిన తేదీని చూస్తారా అన్నది కూడా నోటీసులో చూసుకోవాలి. రెంటి మధ్య వారం తేడా రావచ్చు.

గడువు అంటే డబ్బు వచ్చే రోజు కాదు. కోర్టు తుది ఆమోదం 2023 అక్టోబరులో వచ్చింది. కొందరు అప్పీలుకు వెళ్లారు. డబ్బు పంచడం 2025లో గానీ మొదలు కాలేదు. ఈలోగా ఇల్లు మారినా, మెయిల్ ఐడీ మారినా అడ్మినిస్ట్రేటర్‌కి చెప్పాల్సిన పని మనదే.

నాలుగో లైను: బయటికొచ్చే తేదీ

జనం ఎక్కువగా వదిలేసే లైను ఇదే. ఫేస్‌బుక్ కేసులో ఆప్ట్ అవుట్ గడువు 2023 జులై 26. క్లెయిమ్ గడువుకి సరిగ్గా 30 రోజుల ముందు. "ఆగస్టు దాకా టైముంది కదా, ఆలోచిద్దాం" అనుకున్నవాడికి జులై 27 నుంచి ఆలోచించడానికి సగమే మిగిలింది.

ఎందుకంటే నోటీసు అందినవాడికి దారులు మూడు. క్లెయిమ్ పెడితే డబ్బు వస్తుంది, ఆ విషయంమీద మళ్లీ కంపెనీమీద కేసు వేసే హక్కు పోతుంది. ఆప్ట్ అవుట్ చేస్తే డబ్బు రాదు, హక్కు మిగులుతుంది. ఏమీ చేయకపోతే డబ్బూ రాదు, హక్కూ పోతుంది. ఇక్కడ ఊరుకోవడం అంటే ఒప్పుకున్నట్టే లెక్క.

18 డాలర్ల విషయంలో బయటికి రావడంలో పెద్ద అర్థం లేదు. సొంతంగా లాయర్‌ని పెట్టుకుంటే ఒక గంట ఫీజుకి కూడా ఆ డబ్బు సరిపోదు. కానీ అన్ని నోటీసులూ ఇలా ఉండవు. డేటా లీక్ వల్ల ఎవరో మీ పేరుమీద అప్పు తీసుకుని వేల డాలర్లు ముంచారనుకోండి. అప్పుడు చిన్న చెక్కు కోసం క్లెయిమ్ నొక్కితే పెద్ద నష్టం గురించి అడిగే దారి మూసుకుపోవచ్చు. ఏ హక్కులు వదులుకుంటున్నామో `Released Claims` అన్న భాగంలో ఉంటుంది. సొంత నష్టం పెద్దదైతే లాయర్‌ని అడగాల్సింది ఆప్ట్ అవుట్ తేదీకి ముందే.

ఇంకో మాట. 'ఆబ్జెక్షన్' వేరు, ఆప్ట్ అవుట్ వేరు. ఆబ్జెక్షన్ అంటే క్లాస్‌లోనే ఉండి "ఈ రాజీ బాగాలేదు" అని జడ్జికి చెప్పడం. జడ్జి వినకపోతే రాజీ మీకూ వర్తిస్తుంది.

ఇంట్లోవాళ్లకు పంపేటప్పుడు

పై సంగతంతా ఒక వాట్సాప్ మెసేజ్‌లో పడుతుంది:

అర్హత: 24-5-2007 నుంచి 22-12-2022 మధ్య అమెరికాలో ఉండి ఫేస్‌బుక్ వాడినవాళ్లు. ఇండియాలో మాత్రమే వాడినవాళ్లకు లేదు.
డబ్బు: నెలకు ఒక పాయింటు. పాయింటు విలువ క్లెయిములన్నీ తేలాకే తెలుస్తుంది.
బయటికి రావడానికి: 26-7-2023 లోగా. డబ్బు రాదు, కేసు వేసే హక్కు ఉంటుంది.
క్లెయిమ్: 25-8-2023 రాత్రి 11:59 పసిఫిక్ టైమ్ లోగా. ఏమీ చేయకపోతే డబ్బు రాదు, హక్కూ పోతుంది.

తేదీలను క్యాలెండర్ వరుసలో పెట్టండి, ముందు వచ్చేది ముందు. నోటీసు మొదటి పేజీల్లో సాధారణంగా `Your Legal Rights and Options` అని ఒక పట్టిక ఉంటుంది. మీరు రాసిన తేదీలు దాంతో కలవకపోతే పట్టికదే కరెక్టు.

ఫార్వర్డ్ చేసేముందు కేసు నంబరు కూడా చూడండి. ఈ కేసుది `3:18-md-02843-VC`. అసలు నోటీసుమీద కోర్టు పేరు, నంబరు ఉంటాయి, వాటిని విడిగా వెతికి సరిపోల్చుకోవచ్చు. క్లెయిమ్ పెట్టడానికి "ప్రాసెసింగ్ ఫీజు" అడిగినా, ఓటీపీ అడిగినా, అది ఏ సెటిల్‌మెంటూ కాదు.

ఇదంతా అమెరికా గొడవే అనుకోకండి. సత్యం తర్వాత మన కంపెనీల చట్టం 2013లోనూ 245వ సెక్షన్ కింద క్లాస్ యాక్షన్ వచ్చింది, 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. రేపు మీ డీమ్యాట్‌లో ఉన్న కంపెనీమీద అలాంటి నోటీసు వస్తే, దాంట్లోనూ ముందు వెతకాల్సింది ఈ నాలుగే.