తాళం తీసినవాడి అనుమతి చాలదు

ఆకలితో చనిపోకుండా, ఒక ముసలాయన ముక్కులోకి గొట్టం వేసి పాలలాంటి ద్రవం పోస్తున్నారు. పోస్తున్న డాక్టరు నోట్లో సిగరెట్టు ఉంది. దాని బూడిద ఎప్పుడు గరాటులో రాలుతుందోనని చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. మధ్యమధ్యలో అదే మనిషి శవాన్ని ఖననానికి సిద్ధం చేస్తున్న దృశ్యాలు వస్తుంటాయి.

ఫ్రెడరిక్ వైజ్‌మన్ తీసిన 'టిటికట్ ఫాలీస్' డాక్యుమెంటరీలోది ఈ సన్నివేశం. నేరం చేసిన మానసిక రోగులను ఉంచే మసాచుసెట్స్‌లోని బ్రిడ్జ్‌వాటర్ ఆసుపత్రిలో 1966లో చిత్రీకరించారు. లోపలి దారుణాలు బయటపెట్టిన గొప్ప చిత్రమది. అయినా రోగుల ఆంతరంగికతకు భంగం కలిగిందంటూ రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1969లో డాక్టర్లు, లాయర్లు, విద్యార్థుల వంటివారికి మాత్రమే చూపించాలని పై కోర్టు ఆంక్ష పెట్టింది. 1991లో గానీ సామాన్య ప్రేక్షకులకు దారి తెరుచుకోలేదు.

పేచీ అంతా ఒక్కచోటే. లోపలికి రానిచ్చింది అధికారులు. ఒంటిమీద బట్ట లేకుండా తెరమీద కనిపించింది రోగులు. తలుపు తాళం ఎవరి చేతిలో ఉందో వారి అనుమతితో గదిలోకి వెళ్లొచ్చు. ఆ గదిలోని మనిషి ముఖం మాత్రం ఆ మనిషిదే. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ఇదే చెబుతోంది: చికిత్సలో ఉన్న వ్యక్తి ఫొటోగానీ వివరాలుగానీ ఆ వ్యక్తి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదు.

సంతకం పెట్టించుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. వార్డు సిబ్బంది పక్కన లేనప్పుడు, ఆయన భాషలో అడగాలి. ఏం తీస్తామో, ఎక్కడెక్కడ చూపిస్తామో చెప్పాలి. వద్దన్నా వైద్యం ఆగదని నమ్మకం కలిగించాలి. "మీకేం అర్థమైందో చెప్పండి" అని తిరిగి చెప్పించుకోవాలి. స్థిమితం రోజుకో రకంగా ఉండేవారిని ఇంకో రోజు మళ్లీ అడగాలి. ఆయన ముఖం తిప్పుకుంటే, నిన్నటి సంతకం చేతిలో ఉన్నా కెమెరా ఆపాలి.

ఎడిటింగ్‌లో ఇంకో చిక్కు. ముక్కుగొట్టం, శవం పక్కపక్కన పెడితే ఆ తిండి పెట్టడం వల్లే చనిపోయాడని ప్రేక్షకుడు అనుకుంటాడు. సినిమా ఆ మాట నోటితో అనదు, కోతతో అనిపిస్తుంది. ఆ కోత మరీ మొరటుగా ఉందని తర్వాత వైజ్‌మనే ఒప్పుకున్నాడు. రెండు షాట్లు కలిపినప్పుడు పుట్టే అర్థం నిజంగా జరిగినదేనా అని ఎడిటర్ ప్రతి అతుకు దగ్గరా అడగాలి.

ఇక తప్పుకునే హక్కు. రఫ్ కట్‌ను ఆ మనిషికి చూపించి, ఫలానా తేదీలోగా వద్దంటే తీసేస్తామని ముందే రాసివ్వాలి. సినిమా విడుదలై ఇంటర్నెట్‌లోకి వెళ్లాక కాపీలన్నీ వెనక్కి తేలేమనీ మొదటిరోజే చెప్పాలి. బ్రిడ్జ్‌వాటర్ రోగుల తరఫున ప్రభుత్వం వాదించింది, దర్శకుడు వాదించాడు, కోర్టు తీర్పిచ్చింది. గొట్టం వేయించుకున్న ముసలాయనను అడిగే వీలు మాత్రం అప్పటికే లేకుండా పోయింది.