ఎర్ర ఛానల్‌లో తేలిన తాతగారు

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదలో కోనసీమ లంకల్లో ఎన్నో ఇళ్లు మునిగాయి. అలా తడిసిన ఇంటి గోడ మీది నలుపు తెలుపు ఫోటో ఒకటి అనుకుందాం. కుర్చీలో తాతగారు, పక్కన నిలబడి మామ్మగారు. కింద సగానికి పసుపు మరక, దాని అంచున ముదురు గోధుమ గీత. కోటు మీద బూజు చుక్కలు, కుడివైపు రెండు మూలలూ చిరిగాయి.

ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకూడదు. బొమ్మ ఉన్న పొర అద్దంతోపాటే ఊడి వస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయడం నయం.

నలుపు తెలుపు ఫోటోయే కదా అని గ్రేలో స్కాన్ చేస్తే సగం పని అక్కడే చెడుతుంది. స్కాన్ రంగుల్లోనే, 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా ఉండాలి. ఎందుకంటే మరకకు రంగుంది, బొమ్మకు లేదు. పసుపు, గోధుమ మరకలు నీలి కాంతిని మింగేస్తాయి, ఎర్ర కాంతిని చాలావరకు వెనక్కి పంపేస్తాయి. ఉచితంగా దొరికే జింప్‌లో Colors > Components > Decompose నొక్కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడదీస్తే తేడా కళ్లకు కడుతుంది. నీలంలో మరక నల్లగా భయపెడుతుంది, ఎరుపులో దాదాపు కనిపించదు. ఆ ఎర్ర పొరనే అసలు బొమ్మగా తీసుకోవాలి. బ్రష్ ముట్టుకోకుండానే పెద్ద మరక పోయినట్టే.

అంచు గీత మాత్రం మొండిది. నీళ్లు ఆరుతూ మురికినంతా అక్కడికి తోసుకొచ్చి వదిలాయి మరి! దాన్ని హీల్ పనిముట్టుతో కొద్దికొద్దిగా చెరపాలి.

బూజు తిన్నచోట పొరే ఉండదు, తెల్ల చుక్క మిగులుతుంది. చుక్క కంటే కాస్త పెద్ద బ్రష్‌తో, అదే బట్ట మీద అదే వెలుగున్న చోటినుంచి నమూనా తీసుకోవాలి. నల్లకోటు, తెల్లచొక్కా కలిసే అంచున హీల్ రెండు రంగులనూ అలికేస్తుంది. అక్కడ క్లోన్ మేలు.

కళ్ల దగ్గర మరీ జాగ్రత్త. కనుపాపలోని తెల్లచుక్క స్టూడియో దీపం మెరుపు కావచ్చు. రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉంటే అది మెరుపే, బూజు కాదు. దాన్ని చెరిపితే చూపు చచ్చిపోతుంది.

ఇక మూలలు. చిరిగిన ముక్క దాచి ఉంటే దాన్నీ అదే కొలతతో స్కాన్ చేసి, వేరే పొరలో తిప్పి అతికించాలి. ఇక్కడ ముక్కలు లేవు. పై మూలలో ఉన్నది తెరే కాబట్టి పక్క మడతలనుంచి క్లోన్ చేస్తే సరిపోయింది. ఎడమ మూలను తిప్పి పెడితే సులువే కానీ, మడతల నీడలు ఎదురు దిక్కుకు పడతాయి. పూడ్చినచోటు మరీ నున్నగా తేలకుండా కాస్త నాయిస్ కలపాలి. కింది మూలలో స్టూడియో ముద్ర అక్షరాలు సగమే మిగిలాయి. మిగతావి ఊహించి రాయడం మరమ్మతు కాదు, కల్పన. అందుకే ఆ మూలను అలాగే వదిలేశారు.