ఇటార్సీలో దిగిన అన్నదమ్ములు

రైల్వేస్టేషన్‌లో ఇద్దరు వరసైనవాళ్లు అనువాదపు బోర్డులను తప్పుగా చదువుకోవడం మీద కథ రాయాలంటే ముందు తేల్చుకోవలసింది స్టేషన్ ఏదన్నది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఈ కథ నడవదు. అక్కడ ప్రతి బోర్డు మీదా తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. ఢిల్లీ వైపు వెళ్లే బండి సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి మహారాష్ట్రలోకి వెళ్లాక తెలుగు కనుమరుగవుతుంది. నాగపూర్ కూడా దాటి మధ్యప్రదేశ్‌లో ఇటార్సీ చేరేసరికి మిగిలేవి హిందీ, ఇంగ్లీషు మాత్రమే. ఢిల్లీ-చెన్నై దారీ, ముంబై నుంచి జబల్‌పూర్ మీదుగా అలహాబాద్ వైపు పోయే దారీ కలిసే పెద్ద జంక్షన్ అది. కాశీకి నేరుగా బండి దొరకని తెలుగువాళ్లు అక్కడ దిగి మారడం సహజమే. ఈ కథకు అంతకన్నా మంచి చోటు వెతకనక్కర్లేదు.

తర్వాత తేలవలసింది పొరపాటు ఎలా పుడుతుందన్నది. హిందీ బొత్తిగా రానివాడు బోర్డును తప్పు చదవడు, అసలు చదవనే చదవడు. తప్పు చదవాలంటే అక్షరాలు రావాలి, మాటలు తెలిసినట్టే అనిపించాలి. రైల్వే ఇంగ్లీషులో పుట్టి పెరిగిన సంస్థ. స్వాతంత్ర్యం తర్వాత దాని మాటలకు హిందీ కట్టినప్పుడు ఎక్కువగా సంస్కృతం నుంచి తెచ్చుకున్నారు. తెలుగూ అదే సంస్కృతం నుంచి వేల మాటలు తీసుకుని తన దారిన వాడుకుంటోంది. అందుకే దేవనాగరి కూడబలుక్కోగలిగిన తెలుగువాడికి ఇటార్సీ బోర్డుల్లో చాలామటుకు ఇంటి మాటల్లా వినిపిస్తాయి. తీరా చూస్తే కొన్నిచోట్ల అర్థాలు వేరు. హిందీలో ఉపన్యాస్ అంటే నవల, శిక్షా అంటే చదువు, అవసర్ అంటే అవకాశం.

కాబట్టి పెద్దవాడు చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినవాడైతే బాగుంటుంది. 1918లో గాంధీజీ మద్రాసులో మొదలుపెట్టిన ఆ సంస్థ పరీక్షలు తెలుగునాట ఎందరో మధ్యతరగతి పిల్లలు రాశారు. ప్రాథమిక, మధ్యమ పాసై, రాష్ట్రభాష దగ్గర ఆగిపోయినవాడిని తీసుకుందాం. ఇరవై ఏళ్లుగా వాడక చాలా మాటలు మరిచిపోయాడు గాని, తనకు హిందీ వచ్చునన్న నమ్మకం అలాగే ఉంది. చిన్నవాడికి హిందీ రాదు. సహకార సంఘంలో గుమస్తా, లెక్కలు రాసుకునే మనిషి.

ఇక వీళ్ల వరస. ఇది కథకు ప్రాణం. తెలుగులో మేనమామ కొడుకు, మేనత్త కొడుకు బావో బావమరిదో అవుతారు. పెద్దమ్మ కొడుకు, పెదనాన్న కొడుకు అన్నే అవుతారు. బావాబావమరుదులైతే వేళాకోళానికి అడ్డులేదు. మొదటి తప్పు దగ్గరే చిన్నవాడు “నీ మధ్యమ తగలెయ్య, బావా!” అనేస్తాడు, కథ అక్కడికే సరి. అన్నదమ్ములైతే తమ్ముడు అనుమానం వచ్చినా నోరు మెదపడు. తప్పు కొంతసేపు నిలవాలి కాబట్టి పెద్దమ్మ కొడుకు, పిన్ని కొడుకు అన్న వరసే ఇక్కడ కుదురుతుంది.

కాలం 1990 ప్రాంతం అనుకుందాం. అప్పటికి చేతిలో ఫోన్లు లేవు.

మొదటి తప్పు బండిలోనే జరగాలి. రైల్వే హెచ్చరికలు చాలావరకు సావధాన్ అన్న మాటతో మొదలవుతాయి. హిందీలో దాని అర్థం జాగ్రత్త, పొంచి ఉన్న ప్రమాదాన్ని చూసుకో అని. తెలుగులో సావధానంగా అంటే నిదానంగా, తొందర లేకుండా. ఇటార్సీలో బండి ఆగుతుంది. తలుపు దగ్గర కదిలే బండిలోంచి దిగవద్దన్న హెచ్చరిక ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషి భుజం అడ్డొచ్చి అన్నకు మొదటి మాటా, చివరి మాటా మాత్రమే కనిపిస్తాయి. సావధాన్, దిగండి. మధ్యలో ‘వద్దు’ అనే చిన్న మాట ఆ భుజం వెనక ఉండిపోయింది.

“సావధానంగా దిగమని రాశారురా, కంగారెందుకు?” అంటాడు అన్న. తమ్ముడు మంచినీళ్ల సీసా సర్దుకుంటాడు, అన్న చెప్పుల కోసం బెర్తు కింద వెతుకుతాడు. ఈలోగా బండి కదులుతుంది. ఇద్దరూ కదిలే బండిలోంచే దూకుతారు, అంటే బోర్డు వద్దన్న పనే చేస్తారు. కింది బెర్తు కింద పెట్టిన సంచీ బండితోపాటే పోతుంది. ఇక్కడ తప్పు చదవడం నవ్వుకోసం వచ్చిన పక్క సంఘటన కాదు, దానివల్లే సంచీ పోయింది. ఇలాంటి కథలు చాలావరకు తేలిపోయేది ఇక్కడే. బోర్డు మీది వింతమాట ఒకటి చెప్పి నవ్వించి, ఇంకో బోర్డు దగ్గరికి పోతారు. తప్పు తర్వాతి అడుగుకు దారి తీయకపోతే అది కథ కాదు, చమత్కారాల జాబితా.

సంచీ పోయింది కాబట్టి పోలీసులు కావాలి. వంతెన దిగి వస్తుంటే ఆరక్షణ్ కార్యాలయ్ అన్న పెద్ద బోర్డు కనిపిస్తుంది. మన ఊళ్లలో పోలీస్ స్టేషన్‌ను రక్షకభట నిలయం అని రాసేవాళ్లు. ఆరక్షణ అన్నా ఆ కుదురుదే అనిపించడంలో వింత లేదు. అందులోనూ మధ్యప్రదేశ్ పోలీసుల్లో కానిస్టేబుల్‌ను ఆరక్షక్ అనే అంటారు. కాని ఆరక్షణ్ అంటే రిజర్వేషన్. సంస్కృతంలో కాపలా అనే అర్థం ఉన్న మాటను హిందీలో సీటు అట్టిపెట్టడానికి వాడుకున్నారు. క్యూ దగ్గర ఖాకీ బట్టల్లో ఒకాయన లాఠీ పట్టుకుని జనాన్ని వరసలో నిలబెడుతుంటే అన్నకు ఇక అనుమానమే ఉండదు.

మరి ఇంగ్లీషు సంగతి? రిజర్వేషన్ అన్న మాట తెలియని తెలుగువాడు లేడు. బోర్డు మీద అది హిందీ కిందే ఉంటుంది. ఇద్దరూ దాన్ని చూసీ గుర్తించలేదంటే పాఠకుడు నమ్మడు. ఇలాంటి కథలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. వాళ్లు నిలబడ్డ చోటి నుంచి ఆ రెండో వరస ఒక స్తంభం వెనక పడేలా చూడాలి. వరస ముందుకు జరిగేకొద్దీ స్తంభం పక్కకు తప్పుకుని, ఒకచోట ఇంగ్లీషు అక్షరాలు తమ్ముడి కంటపడాలి. అంటే నిజం ఎప్పుడు బయటపడాలో క్యూ ఎంత వేగంగా కదులుతుందన్నదాన్ని బట్టి రచయితే నిర్ణయించుకోవచ్చు.

అంతకుముందే వాళ్ల చేతికి ఫారం వస్తుంది. కథలో బాగా పండే చోటు ఇది. రిజర్వేషన్ ఫారంలో అడిగేవి చూడండి. బండి నంబరు, పేరు, ప్రయాణం తేదీ, ఎక్కిన స్టేషన్, దిగే స్టేషన్, ప్రయాణికుల పేర్లు, వయసు, పై బెర్తా కింది బెర్తా, చిరునామా, సంతకం. బండిలో సామాను పోగొట్టుకున్నవాడిని పోలీసులు అడిగేవీ ఇంచుమించు ఇవే. అన్న ఒక్క గడి వదలకుండా నింపుతాడు. దిగివచ్చిన బండి నంబరు, ఆనాటి తేదీ, విజయవాడ నుంచి ఇటార్సీ. బెర్తు అని ఉన్నచోట కిందిది అని రాసి, “సంచీ అక్కడే కదా పెట్టాం?” అని తమ్ముణ్ణి అడుగుతాడు.

సరిగ్గా అప్పుడు తమ్ముడు ఇంగ్లీషు వరస చూస్తాడు. ఫారం అన్న చేతిలో ఉంది, ముందు ఇంకా ముగ్గురున్నారు. చెప్పాలా వద్దా? వెనకాల నిలబడ్డవాళ్ల ముందు అన్నకు తెలియదని అనలేడు. “ఇంకో బల్ల దగ్గర కూడా అడుగుదామా?” అని మాత్రం అంటాడు. “ఉండరా, మన వంతు వచ్చేస్తోంది” అంటాడు అన్న. ఈ రెండు వాక్యాలకు మించి తమ్ముడి చేత మాట్లాడించకూడదు. అతను మనసులో ఏమనుకున్నాడో వివరించకూడదు కూడా. తెలిసిన వాడి మౌనం పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది.

కౌంటర్‌లో గుమస్తా ఫారం చూసి, ఈ బండి వెళ్లిపోయిందే అని హిందీలో అంటాడు. వెళ్లిపోయిన బండికి టికెట్ ఇవ్వలేడు కాబట్టి అడ్డంగా గీత కొట్టి వెనక్కి ఇస్తాడు. అన్నకు ఆ మాట చక్కగా అర్థమైంది. “బండితోనే పోయిందట, కేసు కొట్టేశాడు” అని దిగులుగా పక్కకు వస్తాడు. గుమస్తా చెప్పింది నిజం, అన్న విన్నదీ ఆ మాటే. అయినా ఇద్దరూ మాట్లాడుకున్నది ఒక విషయం గురించి కాదు. ఫారం రెండు అర్థాలకూ సరిపోయినట్టే జవాబూ సరిపోవడం వల్ల అన్న తన పొరపాటు తెలుసుకునే అవకాశం లేకుండా పోయింది. దీనికి ఒక హద్దుంది. గుమస్తా ఇంకో ప్రశ్న అడిగితే అంతా విడిపోతుంది కాబట్టి వెనకాల క్యూ పొడుగ్గా ఉండాలి, అతనికి తీరిక ఉండకూడదు.

మూడో బోర్డు దగ్గర కథ మలుపు తిరగాలి. మళ్లీ తప్పే చదివితే పాఠకుడు ముందే ఊహిస్తాడు. ప్లాట్‌ఫాం చివర అమానతీ సామాన్ ఘర్ అని ఉంటుంది. అది క్లోక్ రూమ్‌కు హిందీ పేరు. అన్న ఈసారి ఉత్సాహం లేకుండా అక్షరాలు చదువుతాడు. ఆ మాట అతనికి తెలియదు. కాని వినగానే తమ్ముడు ఆగిపోతాడు. “అనామతా? మా పద్దుల్లో అనామతు ఖాతా ఉంటుంది అన్నయ్యా. ఎవరిదో తేలని సొమ్ము అందులో రాస్తాం.” అరబ్బీలో అమానత్ అంటే నమ్మి అప్పగించినది. ఆ మాటే అక్షరాలు తారుమారై తెలుగు లెక్కల పుస్తకాల్లోకి వచ్చి చేరింది. సంస్కృతం మాటలు రెండుసార్లు దెబ్బతీశాక, అరబ్బీ మాట దారి చూపిస్తుంది. చదవగలిగింది అన్న, అర్థం పట్టింది తమ్ముడు. ఒక్కరే వచ్చి ఉంటే ఇది జరగదు, కథకు ఇద్దరు ఎందుకు కావలసి వచ్చారన్నదానికి సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది.

అయితే ఆ చదవడం కూడా పూర్తిగా సరైనది కాదు. టికెట్ చూపించి, తాళం వేసిన పెట్టెలు దాచుకునే చోటు అది. బండిలో మరిచిపోయిన సంచులు అక్కడికి రావు. కాని సామాను పని చేసే మనుషులు కాబట్టి వీళ్ల గోడు వాళ్లకు అర్థమవుతుంది, స్టేషన్ మాస్టర్ దగ్గరికి పంపుతారు. ఆయన ముందున్న భోపాల్‌కు ఫోన్ చేసి బండి, పెట్టె, బెర్తు చెప్పాలి. అన్న జేబులోంచి గీత కొట్టిన ఫారం తీసి ఇస్తాడు. బండి నంబరు, తేదీ, కింది బెర్తు అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితం తప్పు కౌంటర్‌లో పనికిరాకపోయినా ఇక్కడ పనికొచ్చింది. కథ ఆపాల్సింది స్టేషన్ మాస్టర్ ఫారం చూస్తూ ఫోన్‌లో నంబరు చదవడం దగ్గరే. సంచీ దొరికిందా లేదా చెప్పనక్కర్లేదు.

ఇదే కథను ఈనాటికి తెస్తే రెండు మార్పులు తప్పవు. ఫోన్ కెమెరా బోర్డు ముందు పెడితే తెలుగు కనిపిస్తుంది కాబట్టి మొదటి రెండు తప్పులకూ ఆ ఫోన్ సంచీలోనే ఉండిపోయిందని చూపాలి. ఇప్పుడు బండిలో మరిచిన సామాను గురించి 139కి ఫోన్ చేసి చెప్పవచ్చు, దాన్ని వెతికి తిరిగి అప్పగించే పని రైల్వే రక్షక దళం చేస్తుంది. ఆ పనికి దళం పెట్టుకున్న పేరు ఆపరేషన్ అమానత్. ఆ పేరు గోడ మీద కనిపిస్తే తమ్ముడు నేరుగా సరైన గుమ్మం దగ్గరికే వెళ్తాడు, క్లోక్ రూమ్ దృశ్యం తీసేయవచ్చు.