మందు అదే, వేగం వేరు

మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మామూలు మాత్ర వేసుకుంటే 2–3 గంటల్లో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అదే మందు ‘ఎస్‌ఆర్’ మాత్రగా వేసుకుంటే దాదాపు 7 గంటలు పడుతుంది. ఆ గరిష్ఠ స్థాయి కూడా కాస్త తక్కువగానే ఉంటుంది. అందుకే చాలామందికి రోజుకు ఒక్కసారి సరిపోతుంది, వికారం, విరేచనాల బాధ కూడా తగ్గుతుంది.

ఈ తేడా మాత్ర తయారీలో ఉంది. అందులో మందుతోపాటు నీటికి ఉబ్బి జిగురుగా మారే పదార్థం కలుపుతారు. కడుపులో మాత్ర నానిన సబ్జా గింజలా జిగురు పొర కట్టుకుంటుంది. మందు ఆ పొర గుండా నెమ్మదిగా బయటికొస్తుంది. మెట్‌ఫార్మిన్‌ను ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు పైభాగం. భోజనంతో వేసుకుంటే మాత్ర కడుపులో ఎక్కువసేపు నిలిచి మందు బాగా ఒంటబడుతుంది. మలంలో మెత్తటి మాత్ర ఆకారం కనిపించినా కంగారు వద్దు. అది సాధారణంగా మందు వదిలేసిన డొల్ల మాత్రమే.

ఈ మాత్రను నలిపితే పొర కట్టే అవకాశం పోయి, గంటల తరబడి అందాల్సిన మందు ఒకేసారి విడుదలవుతుంది.

ప్యాంటాప్రజోల్ మాత్రది వేరే సమస్య. ఆ మందును కడుపులోని ఆమ్లం పాడుచేస్తుంది. దాని పైపూత పేగులోకి వెళ్లాకే కరుగుతుంది. నలిపితే మందు వృథా.

నొప్పికి వాడే ఫెంటానిల్ ప్యాచ్ 3 రోజులపాటు చర్మం గుండా మందు పంపుతుంది. దానిపై వేడి కాపడం పెడితే మందు ప్రమాదకర స్థాయిలో లోపలికి వెళ్లవచ్చు.

మింగడం కష్టమైతే మాత్ర నలపకండి. డాక్టర్‌ను అడిగి వేరే రూపంలో మందు రాయించుకోండి.