20 పార్టీలు పోటీ... 125 సీట్లూ ఒక్కరికే!

2018 జులై 29న కంబోడియాలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. 20 పార్టీలు బరిలోకి దిగాయి. అంతకుముందు 2013లో పోటీ చేసినవి 8 మాత్రమే. పోలింగ్ కూడా పెరిగింది. 2013లో 70 శాతం లోపే ఉన్నది ఈసారి 83 శాతానికి చేరింది. పార్టీలు పెరిగాయి, ఓటేసినవాళ్లు పెరిగారు. ఇక ఫలితం సంగతి. సభలో ఉన్న 125 సీట్లూ ప్రధాని హున్ సేన్ నాయకత్వంలోని కంబోడియా పీపుల్స్ పార్టీకే దక్కాయి. ప్రతిపక్షానికి ఒక్కటంటే ఒక్క సీటు లేదు.

ప్రజాస్వామ్య తిరోగమనం మీద టర్మ్ పేపర్ రాసే విద్యార్థి మొదట నిలబడి ఆలోచించాల్సింది ఇక్కడే. లెక్కకు అందే అంకెలు మెరుగవుతున్నాయి, అసలు పోటీయే మాయమైపోయింది. అలాంటప్పుడు దేన్ని కొలవాలి? ఆ మాటకొస్తే, కంబోడియాను అంతకుముందు కూడా ప్రజాస్వామ్యమని ఎవరూ అనలేదు. హున్ సేన్ 1985 నుంచి 2023 దాకా ప్రధాని పదవిలో ఉన్నారు. 1993లో ఐక్యరాజ్యసమితి దగ్గరుండి జరిపించిన ఎన్నికల్లో ఆయన పార్టీ రెండో స్థానంలో నిలిచింది. అయినా ఆయన రెండో ప్రధానిగా కొనసాగారు. 1997లో బలప్రయోగంతో మొదటి ప్రధానిని గద్దె దించారు. ఎన్నికలు జరుగుతాయి, ప్రతిపక్షం ఉంటుంది, కానీ మైదానం ఎప్పుడూ ఒకవైపే వాలి ఉంటుంది. పరిశోధకులు ఎన్నికల నిరంకుశత్వం అనేది ఇలాంటి వ్యవస్థనే. లేని ప్రజాస్వామ్యం వెనక్కి జారడమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే.

దీనికి జవాబు మనం ఏ నిర్వచనం తీసుకుంటామన్న దాన్నిబట్టి ఉంటుంది. 2016లో నాన్సీ బెర్మియో రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేది. ఉన్న ప్రజాస్వామ్యాన్ని నిలబెడుతున్న సంస్థలను ప్రభుత్వమే బలహీనపరచడమో తొలగించడమో తిరోగమనమని ఆమె అన్నారు. ఈ నిర్వచనం పట్టుకుంటే కంబోడియా పేపర్లోకే రాదు. రెండేళ్ల తర్వాత డేవిడ్ వాల్డ్‌నర్, ఎలెన్ లస్ట్ ఇంకో దారి చూపారు. ఏ తరహా పాలనలోనైనా సరే, పోటీ, ప్రజల భాగస్వామ్యం, పాలకుల జవాబుదారీతనం అనే మూడు లక్షణాలు తరిగిపోతే దాన్ని తిరోగమనంగానే చూడాలన్నారు. అంటే నిరంకుశ పాలనలో మిగిలి ఉన్న కాస్త ప్రజాస్వామ్యమూ కరిగిపోవచ్చు, దాన్నీ కొలవొచ్చు. నా మటుకు ఎన్నికల నిరంకుశత్వాల మీద పేపర్ రాసేవాళ్లకు ఈ రెండోదే సరైన పనిముట్టు. మొదటి పేరాలో బెర్మియోను ఉదహరించి, మూడో పేరాలో కంబోడియా గ్రాఫ్ పెట్టే పేపర్లు చాలా కనిపిస్తాయి. ఆ రెంటికీ పొసగదు. కావాలంటే ప్రజాస్వామ్యం నుంచి మొదలైన పతనానికి ఒక పేరు, నిరంకుశత్వంలోనే ఇంకా కిందికి దిగడానికి మరో పేరు పెట్టుకుని ముందుకు సాగొచ్చు.

ఇప్పుడు 2017కు వద్దాం. 2013 ఎన్నికల్లో కొత్తగా ఏర్పడిన కంబోడియా నేషనల్ రెస్క్యూ పార్టీ అప్పటి 123 సీట్లలో 55 గెలిచి పాలక పక్షాన్ని 68 దగ్గర ఆపింది. 2008లో పాలక పక్షానికి 90 ఉండేవి. 2017 జూన్‌లో జరిగిన స్థానిక ఎన్నికల్లో, మన గ్రామ పంచాయతీల వంటి కమ్యూన్లలో, అదే ప్రతిపక్షం 44 శాతం దాకా ఓట్లు తెచ్చుకుంది. దేశంలోని 1,646 కమ్యూన్లలో 489 దాని చేతికొచ్చాయి. మరుసటి ఏడాదే సార్వత్రిక ఎన్నికలు. పాలకులకు భయం పట్టుకోవడానికి ఆ అంకె చాలు.

ఆ ఏడాది జరిగినవన్నీ తేదీలతో సహా నమోదయ్యాయి. స్థానిక ఎన్నికలకు ముందే, ఫిబ్రవరిలో, శిక్షపడ్డ నాయకుడున్న పార్టీని రద్దు చేసే వీలు కల్పిస్తూ పార్టీల చట్టాన్ని సవరించారు. ప్రవాసంలో ఉన్న ప్రతిపక్ష నేత సామ్ రైన్సీ పార్టీని కాపాడుకోవడానికి పదవికి రాజీనామా చేశారు. ఆగస్టులో ప్రతిపక్షాల, స్వతంత్ర వార్తాసంస్థల కార్యక్రమాలు ప్రసారం చేసే ఎఫ్‌ఎం స్టేషన్లు పదులసంఖ్యలో మూతపడ్డాయి. సెప్టెంబర్ 3న కొత్త నాయకుడు కెమ్ సోఖాను అర్ధరాత్రి ఇంట్లో అరెస్టు చేసి దేశద్రోహం కేసు పెట్టారు. మర్నాడు ‘కంబోడియా డైలీ’ చివరి సంచిక వెలువడింది. 63 లక్షల డాలర్ల పన్ను బకాయి కట్టమని సర్కారు ఇచ్చిన నోటీసే దాని మూతకు కారణం. నవంబర్ 16న సుప్రీంకోర్టు ప్రతిపక్షాన్ని రద్దు చేసి, 118 మంది నాయకులను అయిదేళ్లపాటు రాజకీయాలకు దూరం చేసింది. ఆ ధర్మాసనానికి అధ్యక్షత వహించిన దిత్ ముంటీ పాలక పార్టీ ఉన్నతస్థాయి కమిటీలో సభ్యుడు. పార్లమెంటులోని 55 సీట్లను చిన్నాచితకా పార్టీలకు పంచారు. ప్రతిపక్షం తరఫున గెలిచిన 5,007 మంది కమ్యూన్ సభ్యుల స్థానాలు చాలావరకూ పాలక పార్టీకే వెళ్లాయి.

వీటిలో ప్రతి అడుగుకూ వెనక ఒక చట్టం ఉంది, ఒక ఉత్తర్వు ఉంది, ఒక తీర్పు ఉంది. అందుకే విద్యార్థి అడగాల్సింది ఇది చట్టబద్ధమా అని కాదు. ఇదే నియమాన్ని పాలక పార్టీకి కూడా వర్తింపజేశారా, దీని తర్వాత ఆ పార్టీ ఓడిపోయే అవకాశం పెరిగిందా తగ్గిందా అని అడగాలి. ఒక్కో ఘటనకూ ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటూ తేదీల పట్టిక తయారుచేస్తే పేపర్‌కు వెన్నెముక దొరికినట్టే.

చాలామంది ఈ కష్టం పడకుండా సూచీల దగ్గరకు పరిగెడతారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే వీ-డెమ్ ప్రాజెక్టు v2x_polyarchy అనే సూచీని 0 నుంచి 1 దాకా లెక్కగడుతుంది. స్వేచ్ఛగా సంఘాలు పెట్టుకోవడం, భావప్రకటన, ఓటుహక్కు, ఎన్నికల శుద్ధి, ఎన్నికైనవారి చేతిలో అధికారం అనే అయిదు అంశాలు అందులో ఉంటాయి. ప్రపంచం నలుమూలలా ఉన్న నిపుణుల అంచనాలు దానికి ప్రధాన ఆధారం. మంచి సాధనమే. కానీ మన విషయానికి వాడినప్పుడు మూడుచోట్ల తేడా కొడుతుంది.

మొదటిది గడప సమస్య. వీ-డెమ్ సమాచారం మీద పనిచేసే పరిశోధకులు సూచీ మొత్తం మీద కనీసం 0.10 పడిపోతేనే దాన్ని ఒక పతన ఘట్టంగా లెక్కిస్తారు. 0.85 ఉన్న దేశం 0.74కు వస్తే పట్టుబడుతుంది. 0.30 ఉన్న దేశం 0.21కి దిగితే పట్టుబడదు. కానీ రెండో దేశం పోగొట్టుకున్నది తన దగ్గరున్న దాంట్లో దాదాపు మూడోవంతు! కొద్దిపాటి స్వేచ్ఛే ఉన్నచోట కొద్దిగా తగ్గినా అది పెద్ద నష్టమే. కాబట్టి ఎన్నికల నిరంకుశత్వాలను పరిశీలించేవాళ్లు సంపూర్ణ తేడాతోపాటు నిష్పత్తి కూడా చూపాలి. ఏటా ఇచ్చే అనిశ్చితి హద్దులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయేమో కూడా గమనించాలి. పడుతుంటే పతనం ఉందని గట్టిగా చెప్పలేం. సూచీలు దేశాలకు పెట్టే వర్గం పేరు మీద ఆధారపడితే ఇంకా మోసం. ఫ్రీడమ్ హౌస్ లెక్కలో కంబోడియా 2017కు ముందూ తర్వాతా ‘స్వేచ్ఛ లేని’ దేశమే. ఒక ప్రధాన పార్టీ మొత్తంగా అంతరించినా గడి మారలేదు.

రెండోది ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించడం. పత్రికల మూత వల్ల ప్రజాస్వామ్యం క్షీణించిందని నిరూపించాలనుకున్న విద్యార్థి, పత్రికా స్వేచ్ఛను కారణంగా పెట్టి v2x_polyarchyని ఫలితంగా పెడతాడు. ఆ సూచీలోనే భావప్రకటన ఒక భాగం. సంబంధం బలంగా కనిపించడంలో వింతేముంది? సూచీని విడదీసి, కారణంగా వాడిన భాగాన్ని పక్కనబెట్టి, మిగతా భాగాలను ఫలితంగా చూడాలి.

మూడోది నిపుణుల మనసు. 2024లో ఆండ్రూ లిటిల్, ఆన్ మెంగ్ ఈ రంగాన్ని కుదిపిన వ్యాసం ప్రచురించారు. పాలకులు ఎన్నికల్లో ఓడుతున్నారా, ఎంత తేడాతో గెలుస్తున్నారు వంటి అభిప్రాయాలతో పనిలేని లెక్కలు చూస్తే, ప్రపంచవ్యాప్త తిరోగమనానికి ఆధారం తక్కువగానే కనిపిస్తోందన్నారు. తిరోగమనం గురించిన వార్తలు చదివి చదివి నిపుణులే కఠినంగా మార్కులు వేస్తున్నారేమోనన్న అనుమానం వ్యక్తం చేశారు. వీ-డెమ్ పరిశోధకులు దీటుగా జవాబిచ్చారు. ఈ చర్చ మనకు దూరమైనదేం కాదు. 2021 నివేదికలో వీ-డెమ్ భారత్‌ను ఎన్నికల నిరంకుశత్వాల జాబితాలో చేర్చినప్పుడు, ఎవరి అంచనా, ఏ ప్రమాణం అనే ప్రశ్నలతోనే మన ప్రభుత్వం తిప్పికొట్టింది.

లిటిల్, మెంగ్ హెచ్చరిక విలువైనదే. కానీ కంబోడియా దగ్గర వాళ్ల మందు కూడా పూర్తిగా పనిచేయదు. అభిప్రాయం కలవని అంకెలు కావాలంటే పార్టీల సంఖ్య ఉంది, పోలింగ్ శాతం ఉంది. రెండూ పైకే వెళ్లాయి. అందుకని అంకెలు వదిలేయాలని కాదు, ఏ అంకె దేన్ని పట్టుకుంటుందో తెలుసుకుని ఎంచుకోవాలి. 2018లో అలాంటి అంకె ఒకటుంది. చెల్లని ఓట్లు దాదాపు 5.94 లక్షలు, పోలైనవాటిలో 8.5 శాతం. 2013లో అవి 2 శాతం కూడా లేవు. సీట్లేమీ రాకపోయినా రెండో స్థానంలో నిలిచిన ఫున్సిన్‌పెక్ పార్టీకి వచ్చిన ఓట్లకన్నా ఇవి ఎక్కువ. ప్రవాసంలోని ప్రతిపక్షం బహిష్కరణకు పిలుపునిచ్చింది. వేలికి సిరా గుర్తు లేకపోతే గ్రామాధికారుల కంట పడతామన్న భయం ఓటర్లది. దాంతో లక్షలమంది బూత్‌కు వెళ్లి, సిరా పూయించుకుని, చెల్లని ఓటు వేసి వచ్చారు. మనకున్న నోటా మీట అక్కడ లేదు. పోలింగ్ శాతంలో ఈ ఓటరు ‘పాల్గొన్నట్టు’ నమోదయ్యాడు. చెల్లని ఓట్లలో అతని అసలు ఉద్దేశం దొరుకుతుంది. అలాగని 8.5 శాతమంతా నిరసనేనని రాయకూడదు. పొరపాటున పాడైన ఓట్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. 2013 శాతాన్ని తీసేసి, మిగిలిన దాన్నే నిరసనకు కింది హద్దుగా చూపించడం నిజాయతీ.

మూల సంవత్సరం ఎంపికలోనూ ఇంత జాగ్రత్త కావాలి. 2013 నుంచి మొదలుపెడితే పతనం లోయలా కనిపిస్తుంది. 1997 నుంచి గీత గీస్తే, 2013 నాటి పోటీయే మధ్యలో వచ్చి పోయిన ఒక ఎత్తులా అనిపిస్తుంది. రెండూ నిజమే. ఏది ఎందుకు ఎంచుకున్నారో చెప్పి, రెండో గీత కూడా పక్కన చూపిస్తే పాఠకుడు తానే బేరీజు వేసుకుంటాడు.

ఇక 2023. రద్దయిన పార్టీ మనుషులు చాలామంది చేరిన క్యాండిల్‌లైట్ పార్టీ 2022 స్థానిక ఎన్నికల్లో 22 శాతం ఓట్లు తెచ్చుకుంది. మరుసటి ఏడాది మేలో ఎన్నికల సంఘం దాన్ని పోటీ నుంచి తప్పించింది. రిజిస్ట్రేషన్ పత్రం అసలు ప్రతి సమర్పించలేదన్నది కారణం. జులైలో 18 పార్టీలు పోటీ చేశాయి. పాలక పార్టీకి 120, ఫున్సిన్‌పెక్‌కు 5 సీట్లు వచ్చాయి. 125 నుంచి 120కి తగ్గింది కాబట్టి పోటీ కాస్త తెరుచుకుందని రాసే ప్రమాదం ఇక్కడ ఉంది. ఓడించగల పార్టీ బ్యాలెట్ మీద లేనప్పుడు ఆ అయిదు సీట్ల తేడా పోటీని కొలవదు. పోలింగ్ మళ్లీ 84 శాతం దాటింది. దాన్ని పట్టికలో చేర్చేముందు, జూన్‌లో ఎన్నికల చట్టంలో వచ్చిన సవరణ చదవాలి. ఓటు వేయనివాళ్లు తర్వాతి ఎన్నికల్లో అభ్యర్థులుగా నిలబడే అర్హత కోల్పోతారని అందులో ఉంది. ఆ సవరణ అమల్లో ఉన్నచోట పోలింగ్ శాతాన్ని భాగస్వామ్యం అనే గడిలో వేయకూడదు. నిర్బంధం అనే మరో గడి తెరిచి అందులో చేర్చాలి.