కోచింగ్ ఫీజు రీఫండ్: చాట్‌లో అడిగారు, ఫోన్‌లో ఒప్పుకున్నారు. మరి రికార్డులో ఏముంది?

ఈ రోజు మా పిన్ని వాట్సాప్ చాట్ ఒకటి చూద్దాం. తమ్ముణ్ణి నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్చేముందు కోచింగ్ సెంటర్‌ వాళ్లతో చేసింది. పిన్ని పర్మిషన్ తీసుకున్నా. సెంటర్ పేరు మాత్రం చెప్పను.

పిన్ని: "సర్, పది నెలలకి 90,000 కదా. మధ్యలో బాబు మానేస్తే డబ్బులు తిరిగిస్తారా?"

సెంటర్: "టెన్షన్ పడకండి మేడమ్. కాల్ చేస్తా."

ఆరు నిమిషాల కాల్. తర్వాత...

పిన్ని: "సరే సర్, డబ్బులు పంపిస్తున్నా."

సెంటర్: "థాంక్యూ మేడమ్."

మిగిలిన నెలల ఫీజు ఇచ్చేస్తామని ఆ కాల్‌లోనే చెప్పారట. రెండు నెలలకి తమ్ముడు మానేశాడు. పిన్ని వెళ్లి అడిగితే రసీదు వెనక చూడమన్నారు. "ఒకసారి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని అక్కడ ఉంది.

ఇప్పుడు చాట్ మళ్లీ చదవండి. పిన్ని ప్రశ్న ఉంది, జవాబు లేదు. కాల్ లాగ్‌లో ఆరు నిమిషాలు మాట్లాడినట్టు ఉంటుంది, ఏం మాట్లాడారో ఉండదు. "టెన్షన్ పడకండి" అనేది మాట ఇచ్చినట్టు కాదు.

మరి ఏం చేయాల్సింది? కాల్ అయిన వెంటనే, డబ్బు కట్టకముందే, ఇలా ఒక మెసేజ్ పెట్టాలి: "సర్, మధ్యలో మానేస్తే మిగిలిన నెలల ఫీజు తిరిగిస్తామని ఇప్పుడు కాల్‌లో చెప్పారు. కరెక్టేనా?" బ్లూ టిక్ వస్తే చదివారని మాత్రమే అర్థం. "అవును" అని రాసేదాకా డబ్బు పంపొద్దు. పంపినవాళ్లు తమ మెసేజ్‌ని రెండు రోజుల దాకా అందరి ఫోన్లలోంచీ డిలీట్ చేయొచ్చు. కాబట్టి అదే రోజు Export chat కొట్టి మెయిల్‌లో దాచుకోండి. ఫోన్‌లో అసలు చాట్ కూడా అలాగే ఉంచండి.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకి గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఫీజు మొత్తం కట్టి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి లెక్కకట్టి పది రోజుల్లో తిరిగివ్వాలని అందులో ఉంది. పిన్ని లెక్కలో నెలకి 9,000, ఎనిమిది నెలలకి 72,000. కానీ వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. "మాకు వర్తించదు" అని సెంటర్ వాదించొచ్చు. అందుకే వాళ్లు రాసిచ్చిన మాటకి అంత విలువ.

ఆలస్యమైనా పిన్ని చేత మెసేజ్ పెట్టించా: "కాల్‌లో చెప్పినట్టు 72,000 ఎప్పుడు ఇస్తారు సర్?"

జవాబు వచ్చింది: "మెటీరియల్ చార్జీలు పోను చూస్తాం మేడమ్."

ఎంత ఇస్తారో అందులో లేదు. కానీ "రీఫండే లేదు" అన్నవాళ్లు తొలిసారి రాతలో మెత్తబడ్డారు. ఆ స్క్రీన్‌షాట్, రసీదు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కంప్లైంట్ ఇచ్చాం. ఇంకా నడుస్తోంది.

మీ ఇంట్లో ఫీజు కట్టేది అమ్మానాన్నలే అయినా, కాల్ తర్వాత ఆ మెసేజ్ టైప్ చేసే పని మీరు తీసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!