టంగ్‌స్టన్ గీతలు 65 కిలోవోల్టుల దగ్గర ఎందుకు కనిపించవు?

ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ సరిచేసే అంకెల్లో ముఖ్యమైనవి రెండు: కిలోవోల్టులు, మిల్లీ ఆంపియర్లు. ఏది పెంచినా కిరణాలు పెరుగుతాయి, అయితే రెండూ ఒకేలా పెంచవు. కరెంటు పెంచితే అదే రకం కిరణాలు ఎక్కువ సంఖ్యలో వస్తాయి. వోల్టేజి పెంచితే అంతకు ముందు లేని కిరణాలు పుట్టుకొస్తాయి.

ట్యూబులో ఒకవైపు వేడెక్కిన ఫిలమెంటు, ఎదురుగా లోహపు లక్ష్యం, మధ్యలో శూన్యం ఉంటాయి. ఫిలమెంటు నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లను వోల్టేజి లాక్కెళ్లి లోహానికి కొడుతుంది. ఆ శక్తిలో దాదాపు 99 శాతం వట్టి వేడిగా పోతుంది. మిగిలిన ఆ కాస్తే ఎక్స్‌ కిరణాలు.

ఇవి పుట్టే దారులు రెండు. దూసుకొచ్చిన ఎలక్ట్రాన్ లోహ పరమాణువు కేంద్రకానికి దగ్గరగా వెళ్తే దాని ఆకర్షణకు దారి వంగి, వేగం తగ్గుతుంది. కోల్పోయిన శక్తి ఫోటాన్‌గా బయటపడుతుంది. దీన్నే బ్రెమ్‌స్ట్రాలుంగ్ అంటారు. ఏ ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఎంత దగ్గరగా వెళ్తుందో, ఎంత కోల్పోతుందో ఒక లెక్కంటూ లేదు. అందుకే అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిసిన అవిచ్ఛిన్న వర్ణపటం వస్తుంది.

దానికి ఒక చివర మాత్రం కచ్చితమైన హద్దు ఉంది. జేబులో ఉన్నదానికి మించి ఖర్చు పెట్టలేనట్టే, ఎలక్ట్రాన్ తన దగ్గరున్న శక్తికి మించిన ఫోటాన్‌ను ఇవ్వలేదు. ఉన్నదంతా ఒక్క దెబ్బకు ఇచ్చేస్తే పుట్టేదే అతి తక్కువ తరంగదైర్ఘ్యపు కిరణం. లెక్క చాలా తేలిక: 1.24ను కిలోవోల్టులతో భాగిస్తే ఆ హద్దు నానోమీటర్లలో వస్తుంది. 35 కిలోవోల్టులకు అది 0.0354, రెట్టింపు చేస్తే సగం, అంటే 0.0177. 1915లో హార్వర్డ్‌లో విలియం డ్యూయేన్, ఫ్రాంక్లిన్ హంట్ ఈ సంబంధాన్ని కొలిచి చూపించారు. లక్ష్యం ఏ లోహమన్నది ఈ లెక్కలోకి రాదు.

మరి లోహం ఎక్కడ బయటపడుతుంది? టంగ్‌స్టన్, మాలిబ్డినం లక్ష్యాలను రెండింటినీ 35 కిలోవోల్టుల దగ్గరే నడిపి చూద్దాం. రెండు గ్రాఫులూ 0.0354 దగ్గరే మొదలవుతాయి. టంగ్‌స్టన్‌ది నున్నగా లేచి, నెమ్మదిగా దిగుతుంది. మాలిబ్డినం గ్రాఫు మీద మాత్రం 0.063, 0.071 నానోమీటర్ల దగ్గర రెండు సన్నటి శిఖరాలు నిటారుగా నిలబడతాయి. అవే అభిలాక్షణిక గీతలు. ఎలక్ట్రాన్ ఢీకొని పరమాణువు లోపలి కె కర్పరం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను వెళ్లగొడితే, ఆ ఖాళీలోకి పై కర్పరం నుంచి మరొకటి దిగుతుంది. రెండు మెట్ల మధ్య తేడా ఎంతో ఫోటాన్ శక్తి అంతే. ఆ తేడా ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి వోల్టేజి మార్చినా గీతలు ఉన్నచోటు నుంచి కదలవు, ఎత్తు మాత్రమే మారుతుంది.

టంగ్‌స్టన్‌కు ఆ శిఖరాలు రాకపోవడానికి కారణం, దాని కె ఎలక్ట్రాన్‌ను పెకలించాలంటే 69.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మాలిబ్డినంకు 20 చాలు. ఇక్కడే చాలామంది తడబడతారు. టంగ్‌స్టన్ ప్రధాన గీత శక్తి సుమారు 59. ట్యూబును 65 కిలోవోల్టుల దగ్గర నడిపితే 59 శక్తి గల ఫోటాన్లు అవిచ్ఛిన్న వర్ణపటంలో ఉండనే ఉంటాయి. అయినా అక్కడ శిఖరం లేవదు. పై ఎలక్ట్రాన్ దిగాలంటే ముందు కింద ఖాళీ ఏర్పడాలి. ఖాళీ చేయడమంటే కె ఎలక్ట్రాన్‌ను పరమాణువు నుంచే బయటికి నెట్టడం. దానికి 65 చాలదు. 70 దగ్గర గీతలు ఉన్నాయా లేవా అన్నంత బలహీనంగా ఉంటాయి. 100 దాటాక స్పష్టంగా కనిపిస్తాయి.

రొమ్ము పరీక్షకు ఫిల్ము వాడిన రోజుల్లో మాలిబ్డినం ట్యూబులను 25 నుంచి 30 కిలోవోల్టుల దగ్గర నడపడానికి కారణమూ ఇదే. దాని గీతల శక్తి 17.5, 19.6. మెత్తటి కణజాలంలోని చిన్న తేడాలను పట్టి చూపడానికి అంత తక్కువ శక్తే పనికొస్తుంది.

కచ్చితమైన హద్దు ఉండటం వల్ల మరో ఉపయోగం కూడా ఉంది. ప్యానెల్ మీద 80 అని కనిపిస్తున్నా వర్ణపటం 76 దగ్గరే ఆగిపోతే, ట్యూబుకు అందుతున్నది 76 కిలోవోల్టులేనని తేలుతుంది. ఒకవేళ 80 దాటి కూడా కొన్ని లెక్కలు కనబడితే వెంటనే వోల్టేజిని అనుమానించకూడదు. రెండు ఫోటాన్లు దాదాపు ఒకే క్షణంలో డిటెక్టర్‌లో పడితే, అది వాటి శక్తులను కలిపి ఒక్కటిగా లెక్కేస్తుంది. తేల్చుకోవాలంటే వోల్టేజిని కదపకుండా ట్యూబు కరెంటును సగానికి తగ్గించాలి. నిజమైన ఫోటాన్లయితే సగమవుతాయి. జంటగా పడినవైతే దాదాపు నాలుగో వంతుకు పడిపోతాయి.